లక్షకు ఆరు వేలు

2024 ఆగస్టు 5

పొద్దుటి నుంచి ముసురు. సాయంత్రం సిగ్నల్ అందాక మెయిల్ తెరుచుకుంది. చిప్స్, మిక్చర్ ప్యాకెట్లు చేసే కంపెనీ ఒకటి పెదబయలు మండలానికి నన్ను స్టాకిస్టుగా ఉండమంటోంది. లక్ష రూపాయల తొలి ఆర్డరు, డబ్బు ముందే కట్టాలి. మార్జిన్ ఆరు శాతం. విశాఖ డిపో నుంచి సరుకు మన ఖర్చుతోనే తెచ్చుకోవాలి. నెలకు లక్ష టార్గెట్. గడువు దాటిన సరుకు మాట మాత్రం ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను.

ఆగస్టు 6

లెక్క వేశాను. లక్షకు ఆరు వేలు. పాడేరు ఘాట్ ఎక్కించి ఇక్కడికి చేర్చడానికి 2,500. చిప్స్ బరువుండవు గాని చోటు తింటాయి, లారీవాళ్లు పెట్టెల లెక్కనే అడుగుతారు. సంతలకు ఆటో 2,000, దించుడు కూలి 500. మిగిలేది వెయ్యి.

సంత దుకాణాలవాళ్లు ఈ వారం సరుకుకి వచ్చే వారం డబ్బిస్తారు. వానకి సంత సాగకపోతే వసూలూ సాగదు. నా లక్ష అన్నాళ్లూ ఊళ్లల్లోనే ఉండిపోతుంది.

ఆగస్టు 8

శాంపిల్ పెట్టె వచ్చింది. 48 ప్యాకెట్లు, అన్నీ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. కింద సముద్రం ఒడ్డున నింపిన గాలి, కొండ మీద ఒత్తిడి తగ్గేసరికి లోపలి నుంచి తోస్తుంది. అతుకు బలంగా ఉంటే ఏమీ కాదు. లేకపోతే సన్నగా విడుస్తుంది, కంటికి కనబడదు. ఈ ముసురు తేమ లోపలికి పోయి చిప్స్ మెత్తబడతాయి.

బకెట్టు నీళ్లలో ఒక్కోటి ముంచి నొక్కాను. మూడింటికి అతుకు దగ్గర బుడగలొచ్చాయి. 48లో మూడంటే నూటికి ఆరు పైనే. మార్జినూ ఆరే.

ఆగస్టు 9

ఆదివాసీ దినోత్సవం. ఊరంతా థింసా. కొట్టు తీయలేదు.

ఆగస్టు 10

సంతలో దుకాణం పెట్టే అక్కని అడిగాను. "మెత్తబడ్డ ప్యాకెట్టు పిల్లలు తిరిగి తెచ్చేస్తారు సావుకారూ. నేను నీకే ఇస్తాను, కంపెనీ ఎక్కడుందో నాకేం తెలుసు?" అంది. నిజమే, ఆమెకి కంపెనీ అంటే నేనే.

ఆగస్టు 12

జవాబు పంపాను. సరుకు నా గోదాము దాకా మీ ఖర్చుతో రావాలి. దిగేనాటికి గడువులో మూడింట రెండు వంతులు మిగిలుండాలి. అతుకు విడిచినవాటికి, గడువు దాటినవాటికి నెలలోగా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. నెలనెలా ఒకే టార్గెట్ ఇక్కడ కుదరదు. కాఫీ డబ్బు చేతికొచ్చే చలికాలంలో సరుకు పోతుంది, వానల్లో పోదు. ఏడాది మొత్తానికి కలిపి చూడండి. బుడగల ఫొటోలు జతచేశాను.

ఆగస్టు 17

ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు. రవాణా సరేనన్నాడు, క్రెడిట్ నోటూ సరేనన్నాడు. "మెయిల్లో రాయండి బాబూ" అన్నాను. రాస్తానన్నాడు. అది వచ్చేదాకా డబ్బు కట్టను.