వసతి గృహములోని కుమారునికి ఒక లేఖ

మా అబ్బాయి రాయచూరులో వసతి గృహమందుండి రెండవ పి.యు.సి. చదువుచున్నాడు. పదవ తరగతి వఱకు ఇచ్చటనే, హట్టిలో, తెలుగు మాధ్యమములో చదివినవాడు. వాడు సి.ఇ.టి., నీట్ అను రెండు ప్రవేశ పరీక్షలు వ్రాయవలసియున్నది. పరీక్షలకు ముందు వానికి నేను వ్రాసిన యుత్తరమును కొన్ని యింటి విషయములు తొలగించి యిచ్చట ప్రకటించుచున్నాను. గనిలో పనిచేయు తండ్రులు కొందఱు, “సారూ, పిల్లవానికి భయపడవద్దని చెప్పెదము, అటుపై నేమి చెప్పవలెనో తోచదు” అని నన్నడుగుచుందురు. భయపడవద్దను మాటతో భయము పోయినచో ఉత్తరమే యక్కఱలేదు. పిల్లవాడు దేనికి భయపడుచున్నాడో దానిని పేరు పెట్టి చెప్పి, దానికి తగిన సమాధానమీయవలెనని నా తలంపు.

చిరంజీవి బాబుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట అందఱము క్షేమము. నీ యుత్తరము, దానితో నీవు పంపిన మొన్నటి పరీక్ష కాగితము చేరినవి.

మొదట డబ్బు సంగతి. దసరా సెలవులలో నీవు మీ యమ్మను చాటుగా అడిగితివట, నీ రుసుమునకై నాన్న అప్పు చేసెనా యని. చేసితిని. సహకార సంఘములో తీసికొంటిని. అది నా జీతమునుండి నెలనెలకు తీరుచున్నది. ఇంక పదునాలుగు వాయిదాలు మిగిలినవి. నీకు 650 మార్కులు వచ్చినను, 350 వచ్చినను ఆ వాయిదాలలో ఒక్క రూపాయి హెచ్చదు, ఒక్క రూపాయి తగ్గదు. నీ పరీక్షకును మన యప్పునకును సంబంధము లేదు. చెల్లెలి చదువునకు వేఱుగా ఉంచినది వేఱుగానే యున్నది. ఇది నిన్ను ఊరడించుటకు వ్రాసిన మాట కాదు; లెక్క పుస్తకము చూచి వ్రాయుచున్నాను. నీవు వచ్చినప్పుడు నీవును చూడవచ్చును.

ఇక నీ కాగితము. 720కి 410 వచ్చినవని నీవు మిక్కిలి క్రుంగి వ్రాసితివి. నేను భాషా పండితుడను. భౌతికశాస్త్రము నాకు తెలియదు. కాని నీవు తప్పులకు ప్రక్కన వ్రాసికొన్న కారణములను చదివి లెక్క వేయగలిగితిని. 180 ప్రశ్నలకును జవాబులు గుర్తించితివి. 118 ఒప్పు, 62 తప్పు. ఒప్పునకు నాలుగు చొప్పున 472. తప్పునకు ఒకటి చొప్పున 62 పోగా 410. ఆ 62 తప్పులు ఒక జాతివి కావు. చివరి యరగంటలో ఏమియు తెలియక గుడ్డిగా గుర్తించినవి 40 అని వ్రాసితివి. వానిలో 10 తగిలినవి, 30 తప్పినవి. అనగా 40 మార్కులు వచ్చి 30 పోయినవి. ఆ యరగంట కష్టమునకు నీకు దక్కినది 10 మార్కులు. కూడిక తీసివేతలలో జారినవి 12. మిగిలిన 20 మాత్రము నీకు తెలిసిన ప్రశ్నలే. ప్రశ్నను తప్పుగా చదివితివి.

ఈ యిరువది మీదనే నా దృష్టి నిలిచినది. ఒక్కొక్కదానికి రావలసిన నాలుగు రాక, ఉన్న ఒకటి పోయినది; అనగా ఒక్కొక్కటి ఐదు మార్కుల నష్టము. గుడ్డిగా గుర్తించిన యా యరగంటను ఈ ప్రశ్నలను నిదానముగా చదువుటకు వినియోగించి, వానిలో సగము సరిదిద్దుకొన్నను 50 మార్కులు కలియును. వదలిన 10 తీసివేసినను 450 అగును. ఇందుకు నీవు క్రొత్తగా ఒక్క పాఠమైనను చదువనక్కఱలేదు.

తప్పుగా చదువుటకు కారణము నీ యజాగ్రత్త యని నేననను. పదేండ్లు తెలుగులో చదివినవాడవు. కిరణజన్య సంయోగక్రియ యన్నచో నీ మనస్సులో ఆకు, ఎండ కనబడును, ఇంగ్లీషు మాట వినినప్పుడు ఒక క్షణము ఆలస్యమగును. నీట్ ప్రశ్నపత్రము 2017 నుండి తెలుగులోను ఇచ్చుచున్నారు గాని, అది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములందలి కేంద్రములను కోరుకొన్నవారికే. మన కర్ణాటక కేంద్రములలో తెలుగు పత్రము లేదు. ఈ విషయములో నాకొక అభిప్రాయము కలదు గాని దానిని నీ పరీక్ష ముగిసిన పిదప తగినచోట వ్రాసెదను. ప్రస్తుతము నీవు చేయదగినది చిన్న పని. ‘నాట్’, ‘ఇన్‌కరెక్ట్’, ‘ఎక్సెప్ట్’ అను మూడు మాటలు ప్రశ్నలో కనబడిన వెంటనే వానిని గుండ్రముగా చుట్టుము. జవాబు గుర్తించుటకు ముందు ఆ చుట్టును మరల ఒకసారి చూడుము. నీ యిరువది తప్పులలో పదమూడింట ఈ మాటలే యున్నవి, నేను లెక్కించితిని.

సి.ఇ.టి.లో మాత్రము పద్ధతి వేఱని మఱవకుము. అందు ఒక్కొక్క శాస్త్రమునకు 60 ప్రశ్నలు, 80 నిమిషములు; తప్పునకు మార్కు పోదు. కాబట్టి అందు ఒక్క ప్రశ్నయైనను ఖాళీగా వదలరాదు. ఒక పరీక్ష యలవాటు మఱియొక పరీక్షలోనికి తీసికొనిపోవుట మీ తరగతిలో చాలమందికి జరుగుచున్నట్లు నీ మాటలవలననే తెలిసినది.

పత్రము చేతికి వచ్చిన క్షణమున ఏమియు తెలియనట్లు తోచినచో ఏమి చేయవలెనని అడిగితివి. 2025 మే 4న జరిగిన నీట్ సంగతి వినుము. ఆనాడు భౌతికశాస్త్రము ఎన్నడు లేనంత కఠినముగా వచ్చినదని పిల్లలు ఏడ్చుచు బయటికి వచ్చిరి. అంతకు ముందటి యేడు సవరించిన ఫలితములలో 17 మందికి 720కి 720 వచ్చియుండెను. 2025లో దేశమంతటికి ప్రథముడైన బాలునికి వచ్చినవి 686. పత్రము కఠినమైనచో అందఱికిని కఠినమే. అందఱి మార్కులును దిగును, ర్యాంకు మాత్రము అట్లు దిగదు. కనుక కఠినమైన ప్రశ్న కనబడినప్పుడు, నాకు రాలేదని గాక, ఇది చాలమందికి రాదని తలచి ముందునకు సాగుము. జీవశాస్త్రము 90 ప్రశ్నలు నీకు బలమైనవి, అచ్చట మొదలిడుము. చేతులు చెమర్చుట, గుండె వేగముగా కొట్టుకొనుట జబ్బు కాదు. నాలుగంకెలు లెక్కించునంతసేపు ఊపిరి తీసికొని, ఆఱంకెలు లెక్కించునంతసేపు విడువుము. ఇట్లు పదిమార్లు చేయుటకు రెండు నిమిషములైనను పట్టదు. 180 నిమిషములలో అది పెద్ద వ్యయము కాదు.

మఱియొక మాట. 2025లో ఆ పరీక్ష మధ్యాహ్నము 2 గంటలకు మొదలై 5 గంటలకు ముగిసెను, ద్వారము 1.30కే మూసిరి. మీ వసతి గృహములో రాత్రి ఒంటిగంట వఱకు చదివి మధ్యాహ్నము కునుకుట వాడుక. అట్లయినచో నీ బుద్ధి మేలుకొనియుండు వేళ వేఱు, పరీక్ష వేళ వేఱు అగును. నేటినుండి రాత్రి పదిన్నరకు పండుకొనుము. ఆ రెండున్నర గంటల చదువు పోవునని దిగులుపడవలదు. నిద్రలేని కన్ను ‘నాట్’ అను మాటను చూడజాలదు.

ఇప్పుడు నీవు అడుగని ప్రశ్నకు వచ్చుచున్నాను. సీటు రాకున్న నేమి? 2025లో సుమారు 22 లక్షలమంది ఆ పరీక్ష వ్రాసిరి. దేశమంతట యం.బి.బి.యస్. సీట్లు లక్షకు కొంచెము పైన. ఇరువదిమందిలో ఒకరికి దొరకునది దొరకనిచో మిగిలిన పందొమ్మిదిమంది పనికిరానివారగుదురా? రాయచూరు జిల్లావారమగుటచే మనకొక యాధారము కలదు. రాజ్యాంగములోని 371-జె అధికరణము ననుసరించి 2013 నుండి కల్యాణ కర్ణాటక ప్రాంతపు కళాశాలలలో నూటికి 70 స్థానములు, తక్కిన రాష్ట్రములో 8 స్థానములు ఈ ప్రాంతమువారికి కేటాయింపబడినవి. అందుకు కావలసిన పత్రము నేను తెచ్చి భద్రపఱచితిని. వైద్యము కాకున్నచో వ్యవసాయ శాస్త్రము కలదు. ఆ విశ్వవిద్యాలయము నీవున్న రాయచూరులోనే యున్నది, ప్రవేశము సి.ఇ.టి. ద్వారానే. నీకు చేనిలో తిరుగుట యిష్టమని తాతయ్య ఎప్పుడును చెప్పుచుండును. అదియు వలదని, మరుసటి యేడు మరల నీట్ వ్రాసెదనన్నచో వ్రాయుము. ఒక యేడు మాత్రము; అటుపై ఇద్దఱము కూర్చుండి మాటలాడుకొందము. నేను ఇంత దూరము ఆలోచించియున్నానని నీకు తెలియవలెననియే వ్రాయుచున్నాను.

గోడమీద ర్యాంకుల పట్టిక అంటించి, మార్కులనుబట్టి తరగతులు విడదీయుచున్నారని వ్రాసితివి. ఆ పట్టిక ముందు నిలువకుము. విశాఖపట్టణములో 2023లో వసతి గృహమందుండి నీట్‌కు చదువుచు మరణించిన ఒక బాలిక విషయమున 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, శిక్షణ సంస్థలు మార్కులనుబట్టి విద్యార్థులను వేఱు చేయరాదనియు, పదుగురిలో అవమానింపరాదనియు, నూఱుమంది యున్నచోట సలహాదారు ఉండవలెననియు మార్గదర్శకములిచ్చినది. ఆ మాట నేను వార్డెనుగారితో మర్యాదగా మాటలాడెదను. అది నీ పని కాదు.

నీ పని ఒకటి కలదు. వరుసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోయినను, అన్నము సయింపకపోయినను, బ్రతికి యేమి ప్రయోజనమను తలంపు ఒక్కసారి వచ్చినను, ఏ వేళనైనను నాకు ఫోను చేయుము. నాతో చెప్పుటకు జంకు కలిగినచో 14416 అను సంఖ్యకు చేయుము. అది 2022లో ప్రభుత్వము పెట్టిన టెలి-మానస్. రాత్రింబవళ్లు పలుకుదురు, తెలుగులోను కన్నడములోను మాటలాడవచ్చును, రుసుము లేదు. ఆ తలంపు వచ్చినందుకు నేను కోపింపను. బస్సెక్కి వచ్చెదను, అంతే. పరీక్ష ముందురోజైనను సరే, నీవు రమ్మన్నచో ఇంటికి తీసికొని వచ్చెదను.

ఆదివారము మీ యమ్మయు నేనును వచ్చుచున్నాము. జొన్న రొట్టెలు, వేరుసెనగ పొడి చేయుచున్నది. నీ గదిలోని మిత్రులకు కూడ సరిపడునట్లు తెచ్చెదము. మార్కుల మాట మేము ఎత్తము, నీవు ఎత్తనక్కఱలేదు. నీ చెప్పులు తెగినవని చెల్లెలితో అన్నావట. కొలత వ్రాసి పంపుము. పరీక్షకు బూట్లు తగవు గనుక పలుచని చెప్పులే కొనెదను.

ఇట్లు,
నీ తండ్రి