పదో తేదీ లెక్క, ఎనిమిదో తేదీ గడువు

చాట్‌లో పని అప్పగించేటప్పుడు మొదట తేలాల్సింది గడువు. సండూరు తాలూకా తారానగర్ చుట్టుపక్కల ఇనుప గనుల ఆఫీసుల్లో దానికి మంచి ఉదాహరణ నెలవారీ రిటర్ను. ఇది తర్వాతి నెల పదో తేదీలోపు భారత గనుల బ్యూరోకు ఆన్‌లైన్‌లో చేరాలి. నెల మొదట్లో నిల్వ, తవ్విన ఖనిజం, బయటికి వెళ్లిన ఖనిజం, చివరి నిల్వ అందులో ఉంటాయి. కాటా చీటీలను సరిచూసే పని సాధారణంగా జూనియర్‌కు వస్తుంది.

"రిటర్ను చూడు తమ్ముడూ, తొందరగా" అని పంపితే పని అప్పగించినట్టు కాదు. ఏం చూడాలో, తొందరంటే ఎప్పటికో అందులో లేదు. అదే సందేశం ఇలా ఉంటే చాలు:

"తమ్ముడూ, పోయిన నెల కాటా చీటీలన్నీ కూడి, బయటికి పోయిన టన్నులు నాకు పంపు. ఎనిమిదో తేదీ సాయంత్రం నాలుగుకు కావాల. తొమ్మిదిన మేనేజర్ సార్ చూస్తారు, పదికి పోవాల. పుస్తకం లెక్కకూ నీ లెక్కకూ 20 టన్నులు దాటి తేడా వస్తే ఎతుక్కుంటా కూర్చోవద్దు, నాకు చెప్పు. ఏడున పొద్దున 11 నుంచి 12 దాకా నేను కాటా దగ్గరే ఉంటా, చీటీలు తీసుకొని రా."

గడువును రెండు రోజులు ముందుకు జరపడం వెనక కారణం కూడా అందులోనే ఉంది. కారణం తెలిసిన జూనియర్ ఆ తేదీని అనవసరపు ఒత్తిడి అనుకోడు. సాయం మాట కూడా అంతే. "ఏమన్నా ఉంటే అడుగు" అంటే కొత్తవాళ్లు అడగరు, అడిగితే పని రాదనుకుంటారేమోనని వెనకాడతారు. ఎప్పుడు ఆగాలో, ఎక్కడికి రావాలో చెప్పినప్పుడు అడగడం కూడా పనిలో భాగమవుతుంది.

ఒక నెల లెక్క ఇలా ఉందనుకుందాం. మొదటి నిల్వ 12,400 టన్నులు, తవ్వింది 8,600, పుస్తకం ప్రకారం వెళ్లింది 9,150, మిగలాల్సింది 11,850. జూనియర్ చీటీలు కూడితే 9,300 వచ్చింది, అంటే 150 ఎక్కువ. తేడా 20 దాటింది కనుక అతను ఏడో తేదీనే చీటీలు పట్టుకుని కాటా దగ్గరికి వస్తాడు. వాటి మీద గంటలు చూస్తే ఆరు లారీలు, ఒక్కోటి 25 టన్నులు, అర్ధరాత్రి దాటాక కాటా ఎక్కినవి. ఆ చీటీలు కొత్త నెలవి. నెలాఖరు రాత్రి కట్టలో కలిసిపోయాయి. పక్కన కూర్చుంటే పది నిమిషాల పని. ఏడో తేదీ రాత్రి ఒంటరిగా వెతికితే, తేడా దొరక్క అంకెను పుస్తకానికి సరిపెట్టాలన్న ఆలోచన వస్తుంది. అన్నిటికంటే భయపడాల్సింది దానికే.

"సరే అన్నా" అన్న జవాబు అర్థమైందనడానికి గుర్తు కాదు. "ముందు ఏ కట్ట మొదలుపెడతావ్?" అని ఒక్క ప్రశ్న అడిగితే, వచ్చే సమాధానంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత గంటగంటకూ "అయ్యిందా?" అని పంపకూడదు, ఏడో తేదీ పొద్దుటి కలయిక అందుకోసమే. గడువు మారితే పాత సందేశం కింద చిన్న మాటగా వదలక, కొత్త తేదీతో మొత్తం మళ్లీ రాయాలి. గ్రూపులో కాకుండా నేరుగా అతనికే పంపాలి. గ్రూపులో పడిన పని ఎవరిదీ కాకుండా పోతుంది. రిటర్ను మీద పేరు మాత్రం జూనియర్‌ది కాదు కాబట్టి, అప్పగించినవారు ఎనిమిదో తేదీ సాయంత్రం పది చీటీలైనా తామే తీసి చూస్తారు.