బెల్లానికి ఏం రాయాలి

రేణిగుంటలో ఒక తండ్రీకొడుకులు తమ సరుకుల అంగడిని ఆన్‌లైన్‌లో పెడుతూ బెల్లం దగ్గర ఆగిపోయారు. కొడుకు ‘స్వచ్ఛమైన ఆర్గానిక్ బెల్లం’ అని రాశాడు.

“ఆర్గానిక్ అని నీకెవురు చెప్పినార్రా?” అన్నాడు తండ్రి.

2017 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఆ మాట వాడాలంటే సేంద్రియ ధ్రువీకరణ ఉండాలి. చిత్తూరు మండీ నుంచి వచ్చిన ఆ అచ్చులకు అది లేదు.

“ఏదో ఒకటి గొప్పగా రాయకుంటే ఎవురు కొంటారు నాయనా?” అన్నాడు కొడుకు. ఆ బెంగలో న్యాయముంది. ఫోన్లో బెల్లాన్ని గిల్లి రుచి చూడలేరు.

తండ్రి రోజూ అంగట్లో చెప్పేదే చెప్పాడు: చెరకు బెల్లం, ముదురు గోధుమ రంగు, పాకానికి బాగుంటుంది, వానాకాలం చెమ్మగిల్లుతుంది. తెల్లగా రావాలని కొందరు వండేటప్పుడు హైడ్రోస్ కలుపుతారు గనుక రంగు చెప్పడం అవసరమే. కొడుకు అవే ఎక్కించి, బరువూ ధరా చేర్చాడు.