ఓసారి మాట్లాడుకుందాం

కార్పొరేట్ మెయిళ్లలో బాగా అరిగిపోయిన మాటల్లో ‘టచ్ బేస్’ ఒకటి. ‘లెట్స్ టచ్ బేస్ నెక్స్ట్ వీక్’ అని మేనేజరు రాస్తే, వచ్చే వారం ఏదో కాస్త మాట్లాడాలన్నమాట అని చదివినవాళ్లు సర్దుకుంటారు. ఏం మాట్లాడాలి, ఎంతసేపు, ఎందుకు అని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో ఉన్నంతసేపూ దానితో పేచీ లేదు. ఆ మెయిలే గుంటూరు గోదాములో ఉన్న సూపర్‌వైజరుకు తెలుగులో పంపాల్సి వస్తే మాత్రం రాసేవాడి చెయ్యి ఆగిపోతుంది. పక్క సీటువాణ్ని అడుగుతాడు: ‘టచ్ బేస్‌ని తెలుగులో ఏమంటారు?’

పక్క సీటువాడు కాసేపు పైకప్పు చూసి, ‘సంప్రదించడం’ అంటాడు. తప్పని అనలేం, కానీ అతను కూడా జీవితంలో ఎవరితోనూ ‘రేపు నిన్ను సంప్రదిస్తాను’ అని ఉండడు.

ఈ ఇంగ్లీషు మాట బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఆ ఆటలో బంతిని కొట్టినవాడు ఒకటో బేస్, రెండో బేస్, మూడో బేస్ వరుసగా తాకుతూ చివరికి హోమ్ ప్లేట్ చేరాలి. ఒకదాన్ని తాకకుండా దాటేస్తే, అవతలి జట్టు ఆ సంగతి గమనించి అప్పీలు చేస్తే అవుట్. దారిలో ఆగి ఒక్క క్షణం తాకి మళ్లీ పరుగెత్తడమన్న ఆ పనే ఆఫీసులో కాసేపు పలకరించి పోవడంగా మారింది. దీన్ని మాటకు మాటగా తెలుగులోకి దించితే ‘ఆధారాన్ని తాకుదాం’ అని వస్తుంది. అది చదివిన సూపర్‌వైజరు ఏదో పోలీసు కేసు అనుకున్నా ఆశ్చర్యం లేదు. పలుకుబడిని మాటలుగా విడగొట్టి అనువదిస్తే ఏమవుతుందో రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’లో గట్టిగానే చర్చించారు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన మనిషి కనుక ఆ బాధ ఆయనకు ప్రత్యక్షంగా తెలుసు.

నిజానికి తాకి రావడం మన పిల్లల ఆటలకు కొత్తేమీ కాదు. దాగుడుమూతల్లో దొంగ కళ్లు మూసిన ‘తల్లి’ని, దాక్కున్నవాళ్లు దొరక్కుండా పరుగెత్తుకొచ్చి ముట్టుకోవాలి. అయితే ఆ ముట్టుకోవడం తెలుగులో ఆట దగ్గరే ఆగిపోయింది, ఆఫీసు దాకా రాలేదు. అందుకని పోలిక దొరికినా పలుకుబడి దొరకదు. వెతకాల్సింది బొమ్మను కాదు, ఆ సందర్భంలో తెలుగువాళ్లు నోటితో నిజంగా ఏమంటారో దాన్ని.

అలా వెతికితే మొదట తేలేది, ఇంగ్లీషువాడు ఒక్క మాటతో కనీసం మూడు పనులు చేస్తున్నాడని. కాసేపు కూర్చుని మాట్లాడదామనడం ఒకటి. పని ఎంతవరకు వచ్చిందో నొప్పి తెలియకుండా అడగడం రెండోది. చాలాకాలంగా మాటల్లేని మనిషిని మళ్లీ కదపడం మూడోది. తెలుగులో ఈ మూడింటికీ మూడు వేర్వేరు క్రియలున్నాయి. మనం దేనికోసం మాట్లాడుతున్నామో తేల్చుకుంటే తప్ప తెలుగు వాక్యం పూర్తి కాదు.

మొదటి పనికి అందరి నోటా ఆడే మాట ‘ఓసారి మాట్లాడుకుందాం’. ఇందులో రెండు చిన్న ముక్కలు చాలా పని చేస్తాయి. ‘ఓసారి’ అంటే ఇక్కడ లెక్క కాదు. బట్టల కొట్లో ‘ఆ చొక్కా ఓసారి చూపించండి’ అన్నా, బస్సులో ‘ఓసారి జరగండి’ అన్నా రెండోసారి వద్దని ఎవరూ అనుకోరు. ఆజ్ఞను అభ్యర్థనగా మార్చే మాట అది. ఇంగ్లీషు మెయిల్లో ‘జస్ట్’ చేసే పని తెలుగులో ‘ఓసారి’ చేస్తుంది. ఇక రెండో ముక్క ‘కొను’. మాట్లాడటం ఒకడు చేసే పని, మాట్లాడుకోవడం ఇద్దరూ కలిసి చేసే పని. తిట్టాడు, తిట్టుకున్నారు అన్నంత తేడా. ‘నీతో మాట్లాడాలి’ అని పై అధికారి అంటే కిందివాడికి ఆ పూట అన్నం సహించదు. ‘మాట్లాడుకుందాం’ అంటే భారం ఇద్దరి మీదా పడుతుంది, గుండె కాస్త కుదుటపడుతుంది. కిందివాడు పైవాడితో ‘సార్, మీతో ఓసారి మాట్లాడాలి’ అన్నప్పుడు కథ తిరగబడుతుంది. సెలవా, జీతమా, రాజీనామానా అని ఈసారి సారుకే అనుమానం.

ఈ మాటకు ఒక చిక్కుంది. మాట్లాడుకోవడం తెలుగులో బేరం కూడా. రేటు మాట్లాడుకుంటారు, మేస్త్రీని మాట్లాడుకుంటారు, సంబంధం మాట్లాడుకుంటారు. పైగా ‘తర్వాత మాట్లాడుకుందాం’ అంటే చాలాసార్లు ఇప్పుడు కుదరదని, ఒక్కోసారి ఎప్పటికీ కుదరదని అర్థం. కాబట్టి ఆఫీసులో దాన్ని నిజంగా వాడాలంటే వెంట సమయం చెప్పాలి. ‘లోడు గురించి ఓసారి మాట్లాడుకుందాం, నాలుగింటికి వీలవుతుందా?’ అంటే పిలుపు. సమయం లేకుండా వదిలేస్తే తప్పించుకోవడం.

రెండో పనికి, అంటే పని సంగతి అడగడానికి, గుంటూరు మెయిలునే ఉదాహరణగా తీసుకోవచ్చు. హైదరాబాదు నుంచి ఒక కుర్ర మేనేజరు, తనకంటే పెద్దవాడైన గోదాము సూపర్‌వైజరుకు మంగళవారం వెళ్లాల్సిన మిర్చి లోడు గురించి రాయాలి. ఇంగ్లీషులో ‘జస్ట్ టచింగ్ బేస్ ఆన్ ట్యూస్‌డేస్ లోడ్’. నిఘంటువు తెరిచి రాస్తే ‘మంగళవారం సరుకు విషయమై మిమ్మల్ని సంప్రదిస్తున్నాను’ అవుతుంది. వ్యాకరణం శుభ్రంగా ఉంది, మనిషే లేడు. సంప్రదించడమనే మాట ఇవాళ ఎక్కువగా బోర్డుల మీద, ప్రకటనల్లో బతుకుతోంది. ‘వివరాలకు సంప్రదించండి’ అని కింద ఫోను నంబరు ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆఫీసుకు రావడానికి పనికొస్తుందే తప్ప, రోజూ మాట్లాడే మనుషుల మధ్య అది వినపడగానే వ్యవహారం ముదిరిందేమో అనిపిస్తుంది. ప్రభుత్వ కాగితాల్లో కనిపించే ‘సంప్రదించగలరు’ ఇంకో మెట్టు పైది. అది మర్యాదగా కోరుతోందో, సంప్రదించే శక్తి మీకుందని చెబుతోందో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి.

అదే మేనేజరు రాయడం మానేసి ఫోను చేస్తే నోటికి వచ్చేది వేరు: ‘నమస్తే అండి. మంగళవారం లోడు సంగతి కనుక్కుందామని చేశాను. ఎంతవరకు వచ్చిందండి?’ ఇందులో ‘కనుక్కుందామని’ అనేది చూడదగ్గ మాట. నిలదీయడానికి కాదు, తెలుసుకుందామన్న ఆలోచనతోనే చేశానని అది ముందుగానే చెప్పేస్తుంది. ‘ఎంతవరకు వచ్చింది’ అనడంలో పని కొంత జరిగే ఉంటుందన్న నమ్మకం ఉంది. ‘అయిందా లేదా’ అంటే ఆ నమ్మకం పోతుంది. ‘ఆరా తీద్దామని’ అన్నా అర్థం దగ్గరే, కానీ ఆరాలో అనుమానం వాసన వస్తుంది. మెయిల్లో కూడా ఈ ఫోను వాక్యాలనే ఉన్నవి ఉన్నట్టు రాస్తే సరిపోతుంది. రాతలో పెట్టగానే వాటికి మర్యాద తగ్గిపోదు.

మూడో పని, చాలాకాలంగా మాటల్లేని మనిషిని కదపడం, అసలైన తమాషాకు తావిస్తుంది. తెలంగాణలో దీనికి చక్కటి మాట ఉంది, మందలించడం. ఊరికి పోయినప్పుడు తెలిసినవాళ్లను మందలిచ్చి రావాలంటారు. బాగోగులు అడిగి, నాలుగు మాటలు మాట్లాడి రావడమని అర్థం. నెల్లూరు వైపు ‘ఏం మందల?’ అంటే ఏమిటి విశేషమని. టచ్ బేస్‌కు ఇంతకన్నా దగ్గరి మాట దొరకడం కష్టం. కానీ కోస్తా జిల్లాల్లో మందలించడమంటే తప్పు చేసినవాణ్ని కోప్పడటం. పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడిన అర్థం కూడా అదే. వరంగల్ ఉద్యోగి ప్రేమగా ‘రేపొచ్చి మిమ్మల్ని మందలిస్తాను’ అని రాస్తే, విజయవాడ ఉద్యోగి రాత్రంతా తన తప్పేమిటో వెతుక్కుంటాడు. ‘పరామర్శించడం’ ఇంకా ప్రమాదం. హిందీలో అది సలహా, తెలుగులో జబ్బుపడ్డవాళ్లనో, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లనో చూడటానికి వెళ్లడం. పాత ఖాతాదారును పరామర్శిస్తామని మార్కెటింగ్ విభాగం రాయకపోవడం మంచిది. రెండు రాష్ట్రాల్లోనూ ఇబ్బంది లేకుండా నడిచేది పలకరించడం. ‘చాలా రోజులైంది కదా, ఓసారి పలకరిద్దామని చేశాను’ అంటే ఎవరికీ తడబాటు ఉండదు. చావు ఇంటికి వెళ్లడాన్ని కూడా పలకరింపు అంటారు గానీ, ‘చాలా రోజులైంది’ ముందు వస్తే ఆ అర్థం దగ్గరికి రాదు.

ఇంత గొడవ ఎందుకు, ఇంగ్లీషు మాటనే తెలుగు క్రియతో కలిపి వాడేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. వాడుతూనే ఉన్నారు. ‘కనెక్ట్ అవుదాం’, ‘ఫాలో అప్ చెయ్యండి’, ‘అప్‌డేట్ ఇవ్వండి’ అన్నవి హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో తెలుగే. తనంతట తాను జరిగేదానికి ‘అవు’, ఒకరు చేసేదానికి ‘చెయ్యి’ తగిలించి తెలుగు ఏ భాష మాటనైనా కలిపేసుకుంటుంది. అయితే అలా వచ్చిన మాటలు కూడా ఇక్కడి రంగు పూసుకుంటాయి. ‘టచ్‌లో ఉందాం’ నిరపాయమైన మాటే. కానీ ‘వాళ్ల ఎమ్మెల్యేలు మాతో టచ్‌లో ఉన్నారు’ అని ఎన్నికల వేళ నాయకులు అన్న సందర్భాలు అన్నీ ఇన్నీ కావు. పోటీ కంపెనీ ఉద్యోగి గురించి ‘మనతో టచ్‌లో ఉన్నాడు’ అంటే, వినేవాడి చెవికి జంప్ చేసే మనిషే గుర్తొస్తాడు.

అసలు ఈ వెతుకులాటలో తప్పు ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. ‘దీన్ని తెలుగులో ఏమంటారు’ అని అడగ్గానే తెలుగు మనిషి పరీక్ష హాల్లో కూర్చున్నట్టు అయిపోయి, గంభీరమైన మాట కోసం తడుముకుంటాడు. సంప్రదించడం, సమాలోచన, పరస్పర సంభాషణ వరసగా బయటికి వస్తాయి. అదే మనిషిని ‘మంగళవారం లోడు గురించి మీరు గుంటూరు ఆయనకు ఫోను చేస్తే మొదట ఏమంటారు’ అని అడిగితే, ఆలోచించకుండా సహజమైన వాక్యం చెప్పేస్తాడు. ఆ వాక్యాన్ని వేరే జిల్లా మనిషికి వినిపించి, ‘దీన్నిబట్టి నువ్వేం చేస్తావు’ అని అడగడం తర్వాతి మెట్టు. బయల్దేరిన లారీ నంబరు చెబుతానన్నాడంటే వాక్యం పనిచేసినట్టు. ‘ఏమైనా తప్పు జరిగిందా?’ అన్నాడంటే మళ్లీ రాయాలి.

కాబట్టి టచ్ బేస్‌కు ఒకే ఒక్క తెలుగు మాట కావాలంటే అది లేదు, కల్పించి పెట్టినా నిలవదు. సిబ్బందికి తెలుగు పదకోశాలు తయారుచేసే కంపెనీలు టచ్ బేస్ గడిలో ఒక మాటకు బదులు మూడు వాక్యాలు రాసుకోవాలి: సమయంతో సహా ‘ఓసారి మాట్లాడుకుందాం’, ‘సంగతి కనుక్కుందామని’, ‘పలకరిద్దామని’. ఈసారి పక్క సీటువాళ్లు ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేముందు ఎవరితో, దేనికోసం అని మీరూ ఓసారి అడగండి.