కుట్టిస్తే ఎంత, కొంటే ఎంత?

విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఆ టైలరు షాపు వెడల్పు పట్టుమని పది అడుగులుండదు. నాలుగు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు కొట్టిన మేకుల నిండా చీటీలు కట్టిన సంచులు. సంక్రాంతి ఇంకా మూడు వారాలుంది. ఈ రోజుల్లో పండగ బట్టలు కుట్టించుకునేవాళ్లున్నారా, ఉంటే వాళ్లకు గిట్టుబాటవుతుందా అన్నది తేల్చుకుందామని కాగితం, కలం పట్టుకుని వెళ్లాను. నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన మాస్టారు నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, తన పని తాను చేసుకుంటూనే మాట్లాడారు.

కాసేపటికి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, అత్తగారు. లెక్క వేయడానికి ఇంతకంటే మంచి కుటుంబం దొరకదనిపించి, వాళ్ల అనుమతితో వాళ్ల పండగ ఖర్చే రాసుకున్నాను.

ముందు భర్త. చొక్కాకు 58 అంగుళాల పన్నా గుడ్డ మీటరు అరవై సెంటీమీటర్లు కావాలి. వస్త్రలత గుడ్డల మార్కెట్లో మీటరు 300 లెక్కన 480, కుట్టుకూలి 400. ప్యాంటుకు మీటరు ఇరవై, మీటరు 500 లెక్కన 600, కూలి 500. మొత్తం 1,980 రూపాయలు. ఆయన అంతకుముందే బజార్లో చూసొచ్చిన రెడీమేడ్ చొక్కా 750, ప్యాంటు 950. కింద అంచు మడిచి కుట్టడానికి ఇంకో యాభై వేసుకున్నా 1,750 దాటదు.

మాస్టారు ఏమాత్రం నొచ్చుకోకుండా, "రెడీమేడే కొనుక్కోండి. ఫ్యాక్టరీలో వంద పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఒక్కసారే కోస్తారు. నేను ఒక్క చొక్కా కోసం టేపు తీయాలి, సుద్ద గీయాలి, కత్తెర పట్టాలి. కాజాలకు మళ్లీ పక్కవీధికి పంపాలి. ఆ ధరతో నేను పోటీ పడలేను" అన్నారు. అంతటితో ఆగకుండా ఆయనకు ఒక జాగ్రత్త కూడా చెప్పారు. చొక్కా వేసుకుని చూసినప్పుడు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవాలి. పొడవు తగ్గించవచ్చు, పక్కలు లోపలికి తీయవచ్చు. భుజం జారితే మాత్రం చేతులు ఊడదీసి మళ్లీ ఎక్కించాలి. దానికయ్యే కూలితో ఆ చొక్కా చవక కాస్తా పోతుంది. పొట్ట బాగా ఉన్నవాళ్లకూ, మరీ పొడవున్నవాళ్లకూ కుట్టించుకోవడం తప్పదని ఆయన అభిప్రాయం. ఈ భర్త ఆ రెండు కోవల్లోకీ రాడు.

బాబు సంగతి ఇంకా తేలిక. చొక్కా, నిక్కరు కుట్టిస్తే గుడ్డతో కలిపి వెయ్యి అవుతుంది. రెడీమేడ్ జత 600కు దొరుకుతోంది. పై ఏడాదికి ఎలాగూ పట్టని బట్టలకు ఎక్కువ పెట్టడమెందుకని తల్లే అంది.

తల్లి జాకెట్టు దగ్గర లెక్క మారిపోయింది. చీరతో పాటే జాకెట్టు గుడ్డ వస్తుంది కాబట్టి దానికి వేరే ఖర్చు లేదు. లైనింగు గుడ్డ 80, కుట్టుకూలి 450, మొత్తం 530. అదే రంగు కలిసే రెడీమేడ్ జాకెట్టు 550 చెప్పారట. ధరలో తేడా ఇరవై రూపాయలే అయినా, రెడీమేడ్ కొంటే చీరతో వచ్చిన అంచు గుడ్డ బీరువాలో మూలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది లోపలి మార్జిను. మాస్టారు ఆవిడ ఇచ్చిన ఆది జాకెట్టును తిరగేసి చూపించారు. రెండు పక్కలా అంగుళం చొప్పున గుడ్డ వదిలి, దాని మీద వరసగా మూడు కుట్లు వేసి ఉన్నాయి. ఒళ్లు వస్తే ఒక కుట్టు విప్పుకుంటే చాలు, టైలరు దగ్గరికి రానక్కర్లేదు. ఆ ఆది జాకెట్టు ఐదేళ్ల కిందటిది, రెండు కుట్లు అప్పటికే విప్పేశారు. చాలా రెడీమేడ్ జాకెట్లలో ఓవర్‌లాక్ అంచు దాటి వదిలే గుడ్డ తక్కువే ఉంటుంది. కొనేవాళ్లు ముందువైపు మెరుపులు చూస్తారు గాని తిరగేసి చూడరు.

ఆ 450లో మాస్టారికి మిగిలేదెంతని అడిగాను. సగం మిషను మీద కూర్చున్నతనికి పీసు లెక్కన పోతుంది. హుక్కులు, కాజాలు, చేతి హెమ్మింగు ఇళ్ల దగ్గర ఆడవాళ్లు చేస్తారు, వాళ్లకు నలభై. మిగిలినదాంట్లోనే దారం, కరెంటు, అద్దె.

అత్తగారు నూలు జాకెట్టు, లైనింగు లేకుండా, 200కు కుట్టమన్నారు. రెడీమేడ్ 250కి వస్తుందని కోడలు అంటే, "ఆ చేతులు నాకు పట్టవే" అని తేల్చేశారు. ఆ గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి తెమ్మన్నారు మాస్టారు. నూలు గుడ్డ కుట్టాక మొదటి ఉతుకులో ముడుచుకుంటే తప్పు టైలరు మీదికే వస్తుంది.

ఎక్కువసేపు నడిచింది పాప పరికిణీ గురించి. తల్లి ఫోన్లో ఒక రెడీమేడ్ పట్టు పరికిణీ చూపించింది, 1,800. కొత్త గుడ్డ కొని కుట్టిస్తే పరికిణీకీ జాకెట్టుకీ కలిపి మూడున్నర మీటర్లు, మీటరు 250 చొప్పున 875. లైనింగు 175, కూలి 700. మొత్తం 1,750. ఈమాత్రం తేడాకు కుట్టించడం దేనికని ఆమె తటపటాయించింది. అప్పుడు అత్తగారు సంచిలోంచి తన పాత పట్టుచీర ఒకటి తీశారు. ఒళ్లు కాస్త నలిగినా అంచు చెక్కుచెదరలేదు.

మాస్టారు చీరను వెలుగుకు పట్టి చూశారు, మడతల దగ్గర పీచు విడిందేమోనని. పాత పట్టు ఎక్కువగా మడతల మీదే చిట్లుతుంది. అలాంటి చోట కుచ్చిళ్లు పెడితే పండగ నాడే చిరుగుతుంది. రెండు మడతల దగ్గర గుడ్డ పలచబడింది. ఆ భాగం వదిలేసి కోస్తానని సుద్దతో గీత పెట్టారు. అంచు కింద ఉండేట్టు తీసుకుని, లోపలివైపు రెండు టక్కులు వేస్తారు, ఒక్కొక్కటి రెండంగుళాలు మింగుతుంది. ఏడాదికొక టక్కు విప్పుకుంటూ పోతే పొడవు నాలుగంగుళాలు పెరుగుతుంది. నడుము బద్దీకి నాడా పెడతారు. జాకెట్టు పక్కల్లోనూ మార్జిను వదులుతారు. గుడ్డ ఖర్చు లేదు కాబట్టి ఇప్పుడు పరికిణీకి అయ్యేది 875. కనీసం రెండు సంక్రాంతులు, జాగ్రత్తగా వాడితే మూడు గడుస్తాయి.

రాసుకున్నవన్నీ కూడాను. ఇంటిల్లిపాదికీ కొత్త గుడ్డ కొని కుట్టిస్తే 5,460. అన్నీ రెడీమేడ్ కొంటే 4,950. కుట్టించడం చవకనే పాతకాలపు నమ్మకం ఇక్కడ నిలవలేదు. కానీ మగవాళ్లిద్దరికీ రెడీమేడ్ కొని, జాకెట్లు కుట్టించి, పరికిణీకి అత్తగారి చీర వాడితే 3,955తో సరిపోయింది. అందులో పెద్ద ఆదా పాత చీరదే. అది లేని ఇంట్లో ఈ తేడా చాలావరకు కరిగిపోతుంది, అప్పుడు కుట్టించడానికి మిగిలే కారణం మార్జిను ఒక్కటే.

ఈ ధరలు ఆ సందులోవి. బ్యూటిక్కుల్లో మగ్గం పని జాకెట్టుకు అడిగే రేటుకు ఈ లెక్క పనికిరాదు. ఇంకొకటి, ఇదంతా మూడు వారాల ముందు ఇచ్చిన ఆర్డరు. పండగ దగ్గరపడ్డాక వచ్చేవాళ్ల దగ్గర ఈ షాపులో అర్జంటు పేరుతో జాకెట్టుకు 150 అదనంగా తీసుకుంటారు. భోగికి పది రోజుల ముందు నుంచి అదీ ఉండదు, కొత్త గుడ్డ ఎవరు తెచ్చినా ముట్టుకోరు. కుట్టించాలనుకుంటే ఆలోపే వెళ్లండి, ఆది జాకెట్టు మరిచిపోకండి.