వంతు వచ్చింది, ఎత్తు లేదు

మా బరంపురం ఇంట్లో డ్రాఫ్ట్స్ అంటే పిల్లలాట కాదు. చిన్నాన్న డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, అరుగు మీద బోర్డు పరిచాడంటే ఇంక పిన్ని అన్నానికి పిలవడం మానేసేది. పన్నెండేసి కాయలున్నప్పుడు గలగలా మాట్లాడుతూ ఆడేవాడు. రెండేసి, మూడేసి మిగిలేసరికి మాట ఆగిపోయేది. వేలితో గాల్లో ఏదో లెక్కపెట్టేవాడు. ఆ లెక్కేంటో నాకు ఇంటర్‌లో గానీ చెప్పలేదు. దాని గురించే ఇది.

ఆట మీకు తెలిసే ఉంటుంది. కాయ ముందుకే, మూలగా, ఒక గడి జరుగుతుంది. ఎదుటి కాయ పక్కనే ఉండి దాని వెనక గడి ఖాళీగా ఉంటే దూకి తియ్యాలి. తియ్యడం మన ఇష్టం కాదు, తప్పనిసరి. కాయలైపోయినా, కదలడానికి గడి లేకపోయినా ఓడినట్టే. అన్నిటికంటే ముఖ్యం, వంతు వచ్చాక "నేను ఆడను" అనడానికి లేదు.

చివరాటంతా ఈ ఆఖరి ముక్క మీదే నడుస్తుంది. ఒకే నిలువు వరుసలో నీ కాయా నా కాయా ఎదురెదురుగా, మధ్యలో ఒక గడి వదిలి నిలబడ్డాయనుకోండి. ఎవరు కదిలినా ఎదుటివాళ్ళ నోట్లోకే. అప్పుడు వంతు రావడమే కష్టం. "దారి ఇవ్వాల్సింది ఎవరు?" అనేది ఆ నిమిషంలో తేలేది కాదు, నాలుగైదు ఎత్తుల ముందే తేలిపోయి ఉంటుంది. దీన్ని పుస్తకాల్లో అపోజిషన్ అంటారు. 1756లో లండన్‌లో విలియం పేన్ అనే లెక్కల మాస్టారు డ్రాఫ్ట్స్ మీద ఒక పుస్తకం వేశాడు. దానికి అంకితం రాసిపెట్టింది డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సన్. అంత పెద్దాయన ఈ ఆట పుస్తకానికి కలం పట్టాడంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

చిన్నాన్న లెక్క ఇది. ఇద్దరికీ కాయలు సమానంగా ఉండాలి, వంతు నీదవ్వాలి. నీ వైపు నుంచి అడ్డు వరుసలు లెక్కపెట్టుకుని, ఒకటి, మూడు, అయిదు, ఏడు వరుసల్లో ఉన్న కాయలన్నీ, నీవీ ఎదుటివాళ్ళవీ కలిపి, కూడు. బేసి వస్తే పట్టు నీది. సరి వస్తే ఎదుటివాళ్ళది. "అంతేనా?" అన్నాను. "అంతే. కాని ఎందుకో చెప్పు" అన్నాడు. ఎందుకంటే, మామూలు ఎత్తు ఏదైనా కాయని ఒక వరుస జరుపుతుంది. బేసి వరుసలో ఉన్నది సరి వరుసకీ, సరిలో ఉన్నది బేసికీ పోతుంది. అంటే ప్రతి ఎత్తుకీ లెక్క మారుతుంది, దాంతోపాటే వంతూ మారుతుంది. రెండూ కలిసి మారతాయి కాబట్టి, పట్టు ఉన్నవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఎన్ని ఎత్తులు అటూ ఇటూ తిప్పినా అది చెయ్యి మారదు.

మొన్న హాస్టల్ ఇండోర్ గేమ్స్‌లో మా రూమ్మేట్‌తో నాకు పడిన ఆట చూపిస్తాను. ఓడినవాళ్ళు అక్కడితో ఇంటికే. నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకోండి. ఆడే గళ్ళకి పైనుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, వరుసకి నాలుగు చొప్పున 1 నుంచి 32 దాకా నంబర్లు. పై వరుసలో 1 ఎడమ నుంచి రెండో గడి, దాని కింది వరుసలో 5 ఎడమ అంచు గడి, అలా మార్చి మార్చి. పైన నల్లవి, నావి. కింద తెల్లవి, తనవి. తన కాయలు 22, 23లో. నావి 14, 11లో. వంతు నాది.

నా వైపు నుంచి చూస్తే 11 మూడో వరుస. 14 నాలుగోది. తన రెండూ ఆరో వరుస. బేసి వరుసల్లో ఉన్నది ఒక్కటే. పట్టు నాది. 11ని 15కి జరిపాను. ఇప్పుడు 22కి ఎదురుగా 14, 23కి ఎదురుగా 15. తనకి నాలుగు ఎత్తులున్నాయి. 22 నుంచి 17కి వస్తే 14తో తీసి 21లో దిగుతాను, తర్వాత 23 ఎటు కదిలినా అదీ పోతుంది. 23 నుంచి 19కి వస్తే 15తో తీసి 24లో దిగుతాను, మిగిలిన 22దీ అదే గతి. ఇంక 18కి ఏ కాయ వచ్చినా ఒకటి పోయి, మిగిలింది ఒంటరిగా నా రెండిటి మధ్య నుంచి పరిగెత్తాలి. తను చాలాసేపు బోర్డు కేసి చూసింది.

"ఏటే, నిద్దరొస్తందా?" అన్నాను.

"నిద్దర కాదే, ఎటెల్లినా గొయ్యే ఉంది" అంది.

ఇప్పుడు అదే బొమ్మ, ఒక్క కాయ కూడా మార్చకుండా, వంతు మాత్రం తనదనుకోండి. తన వైపు నుంచి 22, 23 మూడో వరుస, 14 అయిదో వరుస. మొత్తం మూడు, బేసి. పట్టు తనది. 23 నుంచి 19కి వస్తుంది. నాకు నాలుగు ఎత్తులు, నాలుగూ చావే. 15కి వెళ్తే 19 తీసి 10లో దిగుతుంది. 16కి వెళ్తే 12లో దిగుతుంది. 17కి వెళ్తే 22 తీసుకుంటుంది. 18కి వెళ్తే ఇంకా ఘోరం, 22 నుంచి దూకి 15లో దిగి, అక్కణ్ణించి 11ని కూడా దాటి 8లో కూర్చుంటుంది. మొదటి మూడిట్లోనూ మిగిలిన ఒక్క కాయా తర్వాతి ఎత్తులో పోతుంది. బలాబలాలు అవే, గళ్ళూ అవే. వంతు ఒక్కటే తేడా.

మరి పట్టు లేనివాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు, కాయకి కాయ మార్చుకోవచ్చు. తెల్లవి 23, 28. నల్లవి 15, 11. వంతు తెల్లది. బేసి వరుసల్లో 23, 15. రెండు, సరి. పట్టు లేదు. అప్పుడు 23ని 19కి తోసి ఇచ్చెయ్యాలి. 15 తీసుకుని 24లో దిగక తప్పదు. 28 దాన్ని తీసి 19లో దిగుతుంది. మిగిలింది 19కి ఎదురుగా 11, వంతు నల్లది. ఇటు 15కి వెళ్ళినా, అటు 16కి వెళ్ళినా పోతుంది. పట్టు చెయ్యి మారింది! కారణం చూడండి. తీసిన కాయా, తియ్యబడిన కాయా ఎప్పుడూ పక్కపక్క వరుసల్లోవే. అంటే బేసి వరుసల్లోంచి సరిగ్గా ఒక్కటి తగ్గుతుంది, లెక్క అక్కడ తిరగబడుతుంది. దూకిన కాయనే తిరిగి తీస్తే ఇలా అవుతుంది. వేరే కాయని తీస్తేనో, రెండేసి పోతేనో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

మార్పిడికి ముందు ఇంకొకటి చూసుకోవాలి. 28 అంచు గడి కాబట్టి సరిపోయింది. అదే 27లో ఉండి దాని వెనక 32 ఖాళీగా ఉంటే, అక్కడి కాయ అలా కాపాడదు. 23లో దిగిన నల్ల కాయ ఆగకుండా దాన్నీ దూకి 32లో రాజైపోతుంది. మా చిన్నాన్న లెక్కపెట్టడం కంటే ముందు ఈ వెనక గళ్ళే చూసేవాడు.

ఈ లెక్క పనికిరాని చోట్లూ ఉన్నాయి. కాయలు ఒకదాన్నొకటి దాటేసి వెళ్ళిపోయాక ఎదురు నిలబడేవాళ్ళే ఉండరు, అక్కడ ఎవరు ముందు రాజవుతారన్నదే పరుగు. అంచు నిలువు వరుసలో ఉన్న కాయని దూకలేం కాబట్టి అటు జారిపోయినవాడు చాలాసార్లు బతికిపోతాడు. ఇద్దరికీ ఒక్కో రాజు మిగిలితే మూలలు చూడాలి. మన ఎడమ చేతి మూల, 29, ఒంటి మూల. అక్కడ ఇరుక్కున్న రాజుకి 25 ఒక్కటే దారి. ఎదుటి రాజు 22లో నిలబడి, వంతు ఇరుక్కున్నవాడిదైతే అయిపోయినట్టే. కుడి చేతి వైపు 32, 28 జంట మూల. అక్కడ పట్టు లేని రాజు కూడా ఆ రెండు గళ్ళ మధ్య ఇటూ అటూ తిరుగుతూ తెల్లారేదాకా కూర్చోవచ్చు, ఒంటరి రాజు వాణ్ణి ఏమీ చెయ్యలేడు. చిన్నాన్న ఓడిపోయేట్టున్న ఆటల్లో ఆయన రాజు ఎప్పుడూ కుడి మూలకే పాకేది. పిన్ని అప్పుడు వచ్చి, "ఇంక డ్రా అని రాసుకుని అన్నానికి లెగండి" అనేది.