గ్రీన్‌లో ముగిసిన ప్రాజెక్టు

గో-లైవ్ రోజున కేకు కోశాం. 14 నెలల ప్రాజెక్టు, అనుకున్న తేదీకే అయింది, బడ్జెట్ దాటలేదు, స్టేటస్ రిపోర్టులో ఆద్యంతం గ్రీనే. మా డామేజర్ గారికి ఒక షీల్డు, మాకు తలా ఒక టీషర్టు. సరిగ్గా ఏడాది తిరక్కుండానే క్లయింటు రెండో దశ రద్దు చేసేశాడు. అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీనివల్ల మాకేం ఒరిగింది?" మా దగ్గర జవాబు లేదు. డిఫెక్టుల లెక్క ఉంది, టెస్ట్ కేసుల లెక్క ఉంది, ఒరిగినదాని లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

అదొక గృహరుణాల కంపెనీ. 30 బ్రాంచీలు, నెలకు సుమారు 1200 దరఖాస్తులు. ఫైలు చేతులు మారే పద్ధతి తీసేసి వర్క్‌ఫ్లో పెట్టాం. బిజినెస్ కేసులో లాభం అని ఒకే వాక్యం ఉంది: ఫైలుకి 20 నిమిషాలు ఆదా. లెక్క కడితే నెలకు 400 గంటలు, అంటే రెండున్నర మనుషుల పని. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ ఆ 400 గంటలు 30 బ్రాంచీల మీద పరుచుకుని ఉన్నాయి. ఒక్కో బ్రాంచికి 13 గంటల చిల్లర, రోజుకి అరగంట. అరగంట మిగిలిందని ఏ బ్రాంచిలో మనిషిని తీస్తారు? జీతాల ఖర్చు ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ అరగంటని ఇంకో పనికి వాడాలన్న ప్లానూ లేదు. టీ తాగడానికి పనికొచ్చి ఉంటుంది, అంతే.

అప్పటికి నాకు బెనిఫిట్స్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అనే మాట పరీక్ష కోసం బట్టీపట్టిన పేరు మాత్రమే. పీఎంబాక్ ఆరో ఎడిషన్ (2017)లో బిజినెస్ కేసు పక్కనే దాని పేరూ ఉంటుంది: ఏ లాభం, అది సంస్థ వ్యూహంలో దేనికి ఉపయోగం, ఎప్పటికి వస్తుంది, ఎవరు బాధ్యులు, ఎలా కొలుస్తారు, ఏం అనుకుని మొదలెట్టాం. చదవడానికి చప్పగా ఉంటుంది. అందులో నన్ను బాగా దెబ్బకొట్టింది "ఎవరు బాధ్యులు" అన్నది. ప్రాజెక్టు మేనేజర్ గో-లైవ్ అయ్యాక వెళ్ళిపోతాడు. లాభం రావడం మొదలయ్యేది ఆ తరవాతే. కాబట్టి ఆ గడిలో ఉండాల్సిన పేరు క్లయింటు వైపు ఆపరేషన్స్‌లో ఉండే మనిషిది, మాది కాదు. మా ప్రాజెక్టులో ఆ గడే లేదు.

ఇక్కడ మొబిల్ కథ ఒకటి చెప్పాలి. 1992లో బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ గురించి మొదటి వ్యాసం రాసిన కాప్లాన్, నార్టన్‌లే తరవాత దీన్ని వివరంగా రాశారు. 1990ల మొదట్లో మొబిల్ అమెరికా మార్కెటింగ్, రిఫైనింగ్ విభాగం లాభాల్లో వాళ్ళ పరిశ్రమలో అట్టడుగున ఉండేది. పెట్రోలు కొనేవాళ్ళని సర్వే చేయిస్తే ఐదు రకాలని తేలింది. ధర ఒక్కటే చూసేవాళ్ళు ఐదోవంతే. మిగతావాళ్ళలో మూడు రకాలు, అంటే 59 శాతం మంది, త్వరగా పని అయిపోతే, బంకు శుభ్రంగా ఉంటే, మనుషులు మర్యాదగా ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తారు. సరే, వాళ్ళనే పట్టుకుందాం అనుకున్నారు. అదీ వ్యూహం. స్కోర్‌కార్డులో కస్టమర్ వరసలో ఆ మూడు రకాల్లో తమ వాటా, మారువేషంలో వెళ్ళే కొనుగోలుదారు ఇచ్చే మార్కులు పెట్టారు. బంకులు నడిపేది ఎక్కువగా డీలర్లు కాబట్టి డీలరు లాభాన్ని కూడా పెట్టారు. 1995 కల్లా లాభాల్లో మొదటి స్థానానికి వచ్చారు.

నాకు నచ్చింది ఆ తరవాతి ముక్క. "త్వరగా" అన్న మాట స్కోర్‌కార్డు మీద అందరికీ కనపడుతోంది కాబట్టే, తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న ట్యాగుని పంపు దగ్గర చూపిస్తే డబ్బు కట్టేసినట్టే అనే స్పీడ్‌పాస్ ఆలోచన లోపలి ఉద్యోగులనుంచే వచ్చింది. 1997లో మార్కెట్లోకి తెచ్చారు. అంటే వరస ముందు, ప్రాజెక్టు తరవాత. మేం చేసేది తిరగేసి. ప్రాజెక్టు ముందు ఒప్పుకుంటాం, తరవాత అది ఏ వరసలో ఇముడుతుందో వెతికి "స్ట్రాటజిక్ అలైన్‌మెంట్: హై" అని కొడతాం. నేనే చాలాసార్లు కొట్టాను.

రెండేళ్ళ తరవాత అలాంటిదే ఇంకో రుణాల క్లయింటు. ఈసారి ఆపరేషన్స్ చూసే పెద్దావిడ పట్టుబట్టారు: "ముందు నా స్కోర్‌కార్డులో ఏ నంబరు కదులుతుందో చెప్పు బాబూ, తరవాత స్క్రీన్లు చూపిద్దువుగాని." కూర్చుని కిందనించి పైకి గొలుసు గీశాం. బ్రాంచి సిబ్బందికి పత్రాల పరిశీలనలో శిక్షణ (నేర్చుకునే వరస). దానివల్ల మొదటిసారే అన్ని పత్రాలతో వచ్చే ఫైళ్ళు పెరగాలి (ప్రాసెస్ వరస). దానివల్ల మధ్యలో విసుగొచ్చి వేరే కంపెనీకి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గాలి (కస్టమర్). అప్పుడు ఇచ్చే అప్పుల మొత్తం పెరగాలి (ఆర్థికం). ప్రతి బాణమూ ఒక నమ్మకం మాత్రమే, రుజువు కాదు. అందుకే ప్లాన్లో ప్రతి బాణానికీ ఇవాల్టి అంకె, రావాల్సిన అంకె, తేదీ, ఒక పేరు రాయించారావిడ. ఇవాల్టి అంకె కోసమే మూడు వారాలు పట్టింది, మా వాళ్ళు "కోడింగ్ ఎప్పుడు మొదలెడతాం" అని నస.

ఇంకో మంచి పని చేశారు. మొత్తం 24 బ్రాంచీల్లో ఒకేసారి పెట్టకుండా 6 బ్రాంచీల్లో మొదలెట్టారు. ఎందుకంటే వడ్డీ రేటు కాస్త తగ్గినా అప్పులు పెరుగుతాయి, ఆ క్రెడిట్ సాఫ్ట్‌వేర్ కొట్టేస్తుంది. మిగతా 18 బ్రాంచీలు పక్కన ఉంటే ఆ దొంగలెక్క కుదరదు. అదే సమయంలో మార్కెటింగ్ వాళ్ళ కాల్‌సెంటర్ ప్రాజెక్టు కూడా "వెళ్ళిపోయేవాళ్ళని తగ్గిస్తాం" అని అదే నంబరు రాసుకుంది. రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి కూడితే, అసలు వెళ్ళిపోయేవాళ్ళకన్నా ఎక్కువమందిని ఆపుతున్నాం! నవ్వుకున్నాం గానీ, ఆ కూడిక ఎవరూ చెయ్యకపోతే రెండిటికీ డబ్బులొచ్చేవి.

మూడు నెలలకి ఆ 6 బ్రాంచీల్లో మొదటిసారే పూర్తిగా వచ్చే ఫైళ్ళు 45 శాతం నుంచి 78కి వెళ్ళాయి. నేను స్వీట్లు తెప్పిద్దామనుకున్నా. ఆవిడ కింది గడి చూపించారు. వెళ్ళిపోయేవాళ్ళు: 18 నుంచి 17. పైలట్ కాని బ్రాంచీల్లోనూ దాదాపు అంతే.

గొలుసులో మొదటి బాణం నిజం, రెండోది అబద్ధం. ఒక్కో ఫైలూ తేదీలతో సహా విప్పి చూస్తే, పత్రాలు తొందరగా వచ్చినా ఫైలు వెళ్ళి ఆస్తి మీద లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్ దగ్గర కూర్చుంటోంది. ముందు బ్రాంచిలో ఆగేది ఇప్పుడు అక్కడ ఆగుతోంది. కస్టమర్‌కి ఎక్కడ ఆగితే ఏంటి?

స్టీరింగ్ కమిటీలో ఆవిడ మిగతా 18 బ్రాంచీల రోలౌట్ ఆపించేశారు. ఆ డబ్బులో కొంత లీగల్ ప్యానెల్లోకి ఇంకొంతమంది లాయర్లని తీసుకోవడానికి, ఒపీనియన్‌కి గడువు పెట్టడానికి మళ్ళించారు. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని పని అది. మా టీములో ఇద్దరి బిల్లింగ్ ఆగిపోయింది, అందులో ఒకడు కొత్తగా పెళ్ళైన కుర్రాడు, రెండు నెలలు బెంచ్ మీద గడిపాడు. మా అకౌంట్ మేనేజర్ నన్ను పక్కకి పిలిచి, "ఆ గొలుసు గీసింది నువ్వేనా?" అని అడిగాడు. నేనేనన్నాను. "మనం కస్టమర్ వరస దాకా ఎందుకెళ్ళాం, ప్రాసెస్ వరసలో ఆగిపోవాల్సింది" అన్నాడు. తప్పు పట్టలేను, ఆయన స్కోర్‌కార్డులో ఉన్నది బిల్లింగ్ ఒక్కటే.

ఎనిమిది నెలలకి ఆ నంబరు 11కి వచ్చిందని ఆవిడ మెయిల్ పెట్టారు. షీట్ కూడా జతచేశారు. మా ప్రాజెక్టు పేరు ఎదురుగా ఉన్న గడిలో "పాక్షికం" అని ఉంది, లీగల్ ప్యానెల్ ఎదురుగా ఆవిడ పేరు.